శనక్కాయల పరిషలో లెక్కలు (రెండో తరగతి, ఆదివారం తెలుగు క్లాసు, బెంగళూరు)

కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో, దొడ్డ బసవణ్ణ గుడి దగ్గర కడలెకాయి పరిషె జరుగుతుంది. కడలెకాయి అంటే మన శనక్కాయే, పరిషె అంటే జాతర. చిన్ని, వాళ్ళ అన్న బాబు, అమ్మమ్మ అక్కడికి బయల్దేరారు. మనమూ వాళ్ళ వెంట వెళ్దాం. పెన్సిల్ తీసుకోండి.

1. మెట్రో రైలు

🚃🚃🚃🚃🚃🚃

ఎడమ చివర ఉన్నది ముందు పెట్టె. రైలుకు మొత్తం ఎన్ని పెట్టెలు? చిన్ని వాళ్ళు ముందు నుంచి రెండో పెట్టె ఎక్కారు. దాని చుట్టూ సున్నా చుట్టండి. దాని వెనక ఎన్ని పెట్టెలున్నాయి?

2. శనక్కాయల కుప్ప

🥜🥜🥜🥜🥜🥜🥜🥜🥜
🥜🥜🥜🥜🥜🥜🥜🥜🥜
🥜🥜🥜🥜🥜🥜🥜🥜🥜

ఒక్కొక్కటే లెక్కపెడుతుంటే మధ్యలో ఎవరైనా పిలిచారంటే మళ్ళీ మొదటికొస్తాం. అందుకని పదేసి కాయల చుట్టూ గీత గీయండి. జాగ్రత్త, ఒక్కో వరుసలో పది లేవు!

ఎన్ని పదులు వచ్చాయి? విడిగా ఎన్ని మిగిలాయి? మొత్తం ఎన్ని?

3. ఒలిచి చూద్దాం

🥜🥜🥜🥜🥜

ఒక్కో కాయలో 2 గింజలుంటే, ఈ 5 కాయల్లో ఎన్ని గింజలు? ప్రతి కాయ కింద రెండు చుక్కలు పెట్టి లెక్కపెట్టండి.

నిజం కాయల్లో ఒక్కోసారి ఒకటే గింజ ఉంటుంది, ఒక్కోసారి మూడు కూడా. ఇంట్లో 5 కాయలు ఒలిచి, మీకు వచ్చిన గింజల బొమ్మ గీయండి. లెక్కపెట్టాక తినేయండి.

4. బెలూన్లు

చిన్ని: 🎈🎈🎈🎈🎈🎈🎈🎈
బాబు: 🎈🎈🎈🎈🎈

ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నాయి? ఎన్ని ఎక్కువ?

“ఎక్కువ” అనే మాట కనబడగానే రెండూ కూడేయకండి. చిన్ని బెలూన్ ఒకటి, బాబు బెలూన్ ఒకటి గీతతో కలుపుతూ పోండి. జత దొరకకుండా మిగిలినవే జవాబు.

ఇప్పుడు చిన్ని బెలూన్లలో 2 పగిలిపోయాయి. వాటిని కొట్టేయండి. అయినా చిన్ని దగ్గరే ఎక్కువా?

5. మల్లెపూలు

మూర 20 రూపాయలు. అమ్మమ్మ 2 మూరలు కొని 50 రూపాయల నోటు ఇచ్చింది. తిరిగి ఎంత రావాలి?

6. ఈ లెక్క మీదే

🌽🌽🌽🌽　🌽🌽🌽

ఈ బొమ్మ చూసి ఒక లెక్క మీరే తయారు చేయండి. కలిపే లెక్కయినా సరే, తీసేసే లెక్కయినా సరే. వచ్చే ఆదివారం మీ పక్కనున్న వాళ్ళతో చేయిద్దాం.

అమ్మానాన్నలకు: లెక్క వచ్చి కూడా తెలుగు చదవలేక ఆగిపోయే పిల్లలు మన క్లాసులో ఉన్నారు. అలాంటప్పుడు ప్రశ్న మీరు చదివి వినిపించండి, జవాబు మాత్రం చెప్పకండి. వేళ్ళ మీద లెక్కపెడితే పెట్టనివ్వండి.