మూడు రూపాయల వడ్డీ

మా మావయ్య వడ్డీకి తిప్పేవాడు. నా చేతిరాత బాగుంటుందని ఊరెళ్లినప్పుడల్లా నోట్లు నాతోనే రాయించేవాడు. 2021 జూన్‌లో పల్నాడు వైపు వాళ్ల ఊళ్లో ఉండగా శీను వచ్చాడు, అరుగు మీద కూర్చుని లక్ష కావాలన్నాడు. రెండెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తున్నాడు, కౌలు ముందే కట్టాలి, మందుల కొట్టువాడు అరువు ఇస్తానన్నాడు గానీ పంట వాడు చెప్పిన కాటాకే తోలాలట.

"మూడు రూపాయలు," అన్నాడు మావయ్య.

"మా అన్నకి రెండుకే ఇచ్చావు కదా బాబాయ్?"

"మీ అన్నకి మూడెకరాల పాస్‌బుక్కు ఉందిరా. నీ దగ్గర ఏముంది?"

నూటికి నెలకు మూడంటే ఏడాదికి ముప్పై ఆరు. అదే బ్యాంకులో పంట రుణం ఏడు శాతం, గడువులోపు కడితే నాలుగే పడుతుంది. ఆ మాటే నేను అనేశాను (అప్పుడే డిగ్రీ అయింది, నోరు ఊరుకోదు). శీను నవ్వాడు. కౌలు కార్డు ఉంటే బ్యాంకు ఇస్తుందట, కార్డుకి పొలం ఆసామి సంతకం కావాలి, ఆయనేమో సంతకం పెడితే రేపు పొలం నాది అంటావేమోనని ఆ ఊసే ఎత్తనివ్వడట. ఇక మిగిలింది మా మావయ్య అరుగే. రెవెన్యూ స్టాంపు అంటించి నోటు రాశాను, శీను దాని మీద సంతకం పెట్టి డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుని వెళ్లాడు.

ఆ రాత్రి అన్నం తింటూ, మూడు ఎక్కువ కదా అని అడిగాను. మావయ్యకి కోపం రాలేదు, చెయ్యి కడుక్కొచ్చి లెక్క చెప్పాడు. ఆయన తిప్పే పది లక్షలు ఆయనవి కావు, రిటైరైన మాస్టార్లూ వాళ్లూ దాచుకోమని రూపాయిన్నరకి ఇచ్చినవి. పది మందికి తలా లక్ష మూడుకి ఇస్తే, పది నెలలకి అందరూ కడితే వచ్చే వడ్డీ మూడు లక్షలు, అందులో ఆయన కట్టాల్సింది లక్షన్నర. ఒక్కడు ఐపీ పెట్టాడనుకో, మిగతా తొమ్మిది మంది దగ్గర అసలూ వడ్డీ కలిపి వచ్చేది పదకొండు లక్షల డెబ్బై వేలు, కట్టాల్సింది పదకొండున్నర, చేతిలో ఇరవై వేలు మిగులుతాయి. ఇద్దరు పెడితే లక్షా పదివేలు ఎదురు పెట్టుకోవాలి. "మూడు అని ఊరికే అనలేదురా," అన్నాడు, ఆవలిస్తూ.

ఆ ఏడు మిర్చికి తామర పురుగు పట్టింది. గుంటూరు, ప్రకాశం, ఖమ్మం ఎక్కడ చూసినా అదే గోల. పూత నిండా నల్లగా చిన్న పురుగులు, పువ్వు నిలవదు, కాయ పట్టదు. శీను చేనంతా నీలం అట్టలు కట్టాడు, ఎవరు ఏ మందు చెప్తే అది కొట్టాడు, కొట్టువాడి బాకీ పెరిగింది తప్ప పురుగు పోలేదు. సంక్రాంతి వెళ్లాక సగం చేను పీకేసి మొక్కజొన్న వేశాడు.

ఏప్రిల్‌లో నేను మళ్లీ వెళ్లేసరికి శీను గేదెని అమ్మి ముప్పై వేలు తెచ్చాడు, పది నెలల వడ్డీ. అసలు అలాగే ఉంది. వడ్డీ కూడా కట్టకపోతే నోటు లక్షా ముప్పైకి తిరగరాస్తారు, అప్పుడు నెలకు మూడు వేలు కాస్తా మూడు వేల తొమ్మిది వందలవుతుంది, అది తెలుసు కాబట్టే గేదె పోయినా పర్లేదనుకున్నాడు. ఇంట్లో పిల్లలకి పాలు లేవని మాత్రం వాళ్లావిడ రెండ్రోజులు మాట్లాడలేదట.

ఆ పూట ఏ మూడ్‌లో ఉన్నానో, మావయ్య చెప్పిన లెక్క శీనుకి చెప్పేశాను. వాడు వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని మావయ్య వైపు తిరిగాడు.

"అంటే పారిపోయినోడి బాకీ కూడా నేనే కడుతున్నానన్నమాట. నేను పారిపోలేదు కదా బాబాయ్, మరి నాకెందుకు మూడు?"

మావయ్య నన్నొకసారి కొరకొరా చూశాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పాత నోటు చింపేసి కొత్తది రాయి, లక్షకి. రెండున్నర," అన్నాడు. రాశాను. శీను సంతకానికి వంగాడో లేదో మళ్లీ, "ఆగు. ఈసారి జామీను కావాలి. మీ బావమరిది చేత కూడా పెట్టించు. పంట పోతే అడగడానికి ఇంకొకడైనా ఉండాలి కదా," అన్నాడు.

శీను పెన్ను కింద పెట్టాడు.

"పెడతాడు గానీ బాబాయ్, వాడు వేసేదీ మిర్చే. నా పక్క చేనే."

మావయ్య ఏం చెప్తాడా అని, నాలుక మీద తడిపిన స్టాంపు వేలికి అంటుకుని ఆరిపోతున్నా నేనలాగే కూర్చున్నాను.