క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరించినందుకు బీమా కంపెనీకి లీగల్ నోటీసు

రిజిస్టర్డ్ పోస్టు ద్వారా, అక్నాలెడ్జ్‌మెంట్‌తో

తేదీ: 2-6-2025
బెంగళూరు

పంపువారు:
కె. వెంకటరమణ, న్యాయవాది
మారతహళ్లి, బెంగళూరు – 560037

అందుకొనువారు:
1. మేనేజర్, ఆరోగ్య బీమా క్లెయిమ్స్ విభాగం
2. గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసర్
(ఇద్దరూ మీ కంపెనీ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం)

విషయం: ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ కింద రూ. 4,86,320 క్లెయిమ్‌ను తిరస్కరిస్తూ మీరు 11-4-2025న ఇచ్చిన లేఖ గురించి, కోర్టుకు వెళ్లేముందు చివరి గడువు ఇస్తూ నోటీసు.

అయ్యా,

మారతహళ్లిలో ఉంటున్న నా క్లయింటు శ్రీమతి బి. సుజాత గారి సూచనల మేరకు ఈ నోటీసు పంపుతున్నాను. ఆమె చదివి, సరిచూసి, ఒప్పుకున్నది ఈ తెలుగు ప్రతినే. మీ సౌకర్యం కోసం ఇంగ్లిష్ ప్రతి జతచేశాను.

1. నా క్లయింటు, ఆమె భర్త శ్రీ బి. రాఘవులు గారు అనంతపురం జిల్లా నుంచి వచ్చి మారతహళ్లిలో కర్రీ పాయింట్ నడుపుకుంటున్నారు. వారిద్దరి పేరా మీ దగ్గర 14-6-2018న ఆరోగ్య బీమా తీసుకున్నారు. బీమా మొత్తం రూ. 5 లక్షలు. 2022లో దాన్ని రూ. 10 లక్షలకు పెంచుకున్నారు. ఏ ఏడాదీ రెన్యూవల్ తప్పలేదు.

2. పాలసీ ఇచ్చేముందు, అప్పటికి 47 ఏళ్లున్న రాఘవులు గారిని మీరే మీ ప్యానెల్ ల్యాబ్‌కు పంపి పరీక్షలు చేయించారు. ఆ రిపోర్టులో బీపీ మామూలుగానే ఉంది. ఆ కాగితం మీ ఫైల్లోనే ఉండాలి. లేదంటే నా క్లయింటు దగ్గర ఉన్న కాపీ పంపిస్తాను.

3. 9-2-2025 రాత్రి ఆయనకు భరించలేని కడుపునొప్పి వచ్చింది. ఆసుపత్రిలో చేర్చారు. గాల్ బ్లాడర్ రాళ్ల వల్ల పాంక్రియాటైటిస్ వచ్చిందని తేలింది. రాళ్లు తీసి, తర్వాత గాల్ బ్లాడర్ ఆపరేషన్ చేసి, 20-2-2025న ఇంటికి పంపారు. చికిత్స మధ్యలో మీరు క్యాష్‌లెస్ ఒప్పుకోకపోవడంతో నా క్లయింటు గాజులు తాకట్టు పెట్టి రూ. 3 లక్షలు తెచ్చారు. మిగతాది చీటీ పాడుకుని కట్టారు. ఆ వడ్డీ ఈరోజుకీ కడుతున్నారు.

4. రీయింబర్స్‌మెంట్ కోసం 3-3-2025న బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, రిపోర్టులు అన్నీ అందజేశారు. మీరు 11-4-2025న చెప్పిన కారణం ఒక్కటే: రాఘవులు గారికి పదేళ్లుగా బీపీ ఉందని, ఆ సంగతి ప్రపోజల్ ఫారంలో దాచారని. దీనికి మీరు చూపిన ఆధారం అడ్మిషన్ రోజు డ్యూటీ డాక్టరు రాసిన ఒక్క వాక్యం.

5. ఆ వాక్యం తప్పు. రాఘవులు గారికి బీపీ బయటపడింది 2024 ఏప్రిల్‌లో. అంటే ఆసుపత్రిలో చేరేనాటికి పది నెలలు. పది నెలలు అని చెప్పింది కాగితం మీద పదేళ్లయింది. చికిత్స చేసిన సర్జన్ 24-2-2025న దీన్ని సరిచేస్తూ సర్టిఫికెట్ ఇచ్చారు. క్లెయిమ్ కాగితాలతో పాటే అది మీకు అందింది. అందినట్టు మీ స్టాంపు కూడా ఉంది. అయినా మీ తిరస్కరణ లేఖలో దాని ఊసే లేదు. ఆ సర్టిఫికెట్ నమ్మదగినది కాదనుకుంటే అదైనా రాయాల్సింది. చదవకుండా పక్కన పెట్టే హక్కు మీకు లేదు. రాత్రిపూట నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి చుట్టూ జరిగే సంభాషణలో దొర్లిన ఒక్క మాట పట్టుకుని, మీ సొంత ల్యాబ్ రిపోర్టునే కాదనడం ఏ విచారణ పద్ధతో నాకు అర్థం కాలేదు.

6. వాదన కోసం బీపీ ముందే ఉందనుకున్నా మీ తిరస్కరణ నిలవదు. ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం ఆరోగ్య పాలసీ 60 నెలలు విరామం లేకుండా సాగితే, వివరాలు చెప్పలేదనో తప్పుగా చెప్పారనో క్లెయిమ్‌ను ప్రశ్నించడానికి వీల్లేదు. మోసం రుజువైతే తప్ప. ఆసుపత్రిలో చేరేనాటికి ఈ పాలసీకి 79 నెలలు నిండాయి. మోసం అన్న మాట మీ లేఖలో లేదు, రుజువు సంగతి తర్వాత. 2022లో పెంచిన మొత్తానికి ఈ లెక్క వేరని మీరు అనవచ్చు. నిజమే, పెంచిన భాగానికి గడువు పెంచిన నాటి నుంచే లెక్క. కానీ ఈ క్లెయిమ్ మొత్తం రూ. 4,86,320. మొదటి రూ. 5 లక్షల్లోనే సరిపోతుంది. పెంచిన మొత్తంలోంచి ఒక్క రూపాయీ నా క్లయింటు అడగడం లేదు.

7. పైగా బీపీకీ గాల్ బ్లాడర్ రాళ్లకూ ఈ కేసులో ఏ సంబంధమూ లేదు. చికిత్స చేసిన డాక్టర్లు రాళ్లనే కారణంగా రాశారు. సుల్భా ప్రకాశ్ మోతేగావ్కర్ వర్సెస్ ఎల్ఐసీ కేసులో 2015లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి ప్రశ్నే వచ్చింది. అది జీవిత బీమా కేసు. నడుము వెన్నుపూస జబ్బు సంగతి చెప్పలేదని కంపెనీ క్లెయిమ్ కాదంది. మనిషి చనిపోయింది గుండె జబ్బుతో. మరణానికి సంబంధం లేని జబ్బును చూపి క్లెయిమ్ నిరాకరించడం చెల్లదని కోర్టు తేల్చింది.

8. ఐఆర్‌డీఏఐ 29-5-2024 మాస్టర్ సర్క్యులర్ ప్రకారం ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్ కమిటీ లేదా క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా ఏ ఆరోగ్య క్లెయిమ్‌నూ తిరస్కరించకూడదు. మీ లేఖలో అలాంటి ఆమోదం జాడ లేదు. ఉంటే ఆ నిర్ణయం కాపీ జవాబుతో పంపండి.

9. నా క్లయింటు 25-4-2025న మీ గ్రీవెన్స్ విభాగానికి రాసుకున్నారు. 12-5-2025న మీరిచ్చిన జవాబు పాత లేఖలోని పేరాకు నకలు. కొత్త కారణం ఏదీ లేదు. ఇకపై కొత్త కారణం వెతుక్కోవడమూ కుదరదు. తిరస్కరణ లేఖలో లేని కారణాన్ని కంపెనీ తర్వాత తెరమీదికి తేరాదని సౌరాష్ట్ర కెమికల్స్ వర్సెస్ నేషనల్ ఇన్సూరెన్స్ కేసులో 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

10. కాబట్టి ఈ నోటీసు అందిన 15 రోజుల్లోగా మీరు చేయవలసింది ఇది. 11-4-2025 నాటి తిరస్కరణను రద్దు చేసి, రూ. 4,86,320 నా క్లయింటు బ్యాంకు ఖాతాలో జమ చేయాలి. ఆలస్యానికి బ్యాంక్ రేటుపై 2 శాతం అదనంగా కలిపి, 3-3-2025 నుంచి చెల్లించే రోజు వరకు వడ్డీ ఇవ్వాలి. పడిన క్షోభకు రూ. 1,00,000 పరిహారం, ఈ నోటీసు ఖర్చు రూ. 15,000 చెల్లించాలి. ఖాతా వివరాలు క్లెయిమ్ ఫారంలో ఇప్పటికే ఉన్నాయి. మళ్లీ కాగితాలు అడిగి రోజులు గడపవద్దు.

11. ఇది చివరి గడువు, దీన్ని పొడిగించేది లేదు. ఆ లోపు చెల్లింపు జరగకపోతే, సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి కారణాలుగా వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 35 కింద బెంగళూరు అర్బన్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయమని నా క్లయింటు నాకు ఇప్పటికే సూచన ఇచ్చారు. ఫిర్యాదు ముసాయిదా సిద్ధంగా ఉంది. ఆ వ్యవహారంలో అయ్యే ఖర్చులకూ పర్యవసానాలకూ మీ కంపెనీదే బాధ్యత. చట్టప్రకారం ఉన్న మిగతా మార్గాలను నా క్లయింటు వదులుకోవడం లేదు.

ఈ నోటీసు కాపీ నా ఆఫీసులో భద్రపరిచాను.

జతపరచినవి: 2018 పాలసీ, ల్యాబ్ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ, సర్జన్ సర్టిఫికెట్ (మీ స్టాంపుతో), బిల్లులు, 11-4-2025, 12-5-2025 నాటి మీ లేఖలు, ఈ నోటీసు ఇంగ్లిష్ ప్రతి.

ఇట్లు,
కె. వెంకటరమణ
న్యాయవాది
(శ్రీమతి బి. సుజాత తరఫున)