సురేష్ గారికి నా జవాబు

సురేష్ గారూ,

పెళ్లి గురించి మీరడిగినదానికి ఆదివారం లోపు చెప్తానన్నాను. ఈలోగా మీరు ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు, స్టాఫ్ రూంలో ఎప్పటిలాగే మాట్లాడారు. అందుకే టెన్షన్ లేకుండా ఆలోచించుకోగలిగాను. చాలా థ్యాంక్స్.

నేను ఒప్పుకోలేనండీ. మీతో పెళ్లి అన్న ఆలోచనకి నా మనసు మొగ్గలేదు.

"ఇంట్లో ఒప్పుకోరు" అని తప్పించుకోవచ్చు. అలా అంటే మీరు మా నాన్నగారితో మాట్లాడి ఒప్పించాలని చూస్తారు, నాకు తెలుసు. "మిమ్మల్ని అన్నయ్యలా అనుకున్నాను" అనడమూ నాకు ఇష్టం లేదు, అది నిజం కాదు. మిమ్మల్ని మంచి స్నేహితుడిగానే చూశాను. మీలో లోపం వెతికి కాదనడం లేదు. శాలిహుండం పిక్నిక్‌లో ఒక పాప మెట్లెక్కలేక కూర్చుండిపోతే, మిగతా పిల్లల్ని మాకు అప్పగించి ఆ పాపతో కబుర్లు చెప్తూ మెల్లగా పైదాకా తీసుకొచ్చారు. స్తూపం దగ్గరికి అందరికంటే ఆఖరున వచ్చినా ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. మీ మీద నాకున్న గౌరవం అలాంటివి చూసి కలిగినదే. కానీ గౌరవం ఒక్కటే చాలదు కదండీ.

కొన్నాళ్లు ఆగితే నా మనసు మారుతుందేమోనని ఎదురుచూడకండి. ఇంత సూటిగా రాస్తే మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా మీ రోజులు ఆశతో గడిచిపోవడం నాకు ఇష్టం లేదు.

మీరిచ్చిన పొందూరు చీర నా దగ్గర ఉంచుకోలేను. మీ అమ్మగారు స్వయంగా ఎంచారన్నారు. వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసి, చేత్తో వడికి నేసిన గుడ్డ, ఎంత మెత్తగా ఉందో! మడత విప్పి చూశాను, కట్టుకోలేదు. ఎవరి చేతికో ఇచ్చి పంపను, మీకే ఇస్తాను. అమ్మగారికి ఏం చెప్పాలో మీ ఇష్టం. నా వల్ల నొచ్చుకుంటే మాత్రం క్షమించమన్నానని చెప్పండి.

ఈ సంగతి మా అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. కొన్నాళ్లు గార వైపు ఆటోలో కాకుండా బస్సులో వస్తాను. కోపమనుకోకండి, ఇద్దరికీ కాస్త ఊపిరాడుతుందని అంతే. మీకు మాట్లాడాలనిపించకపోతే మాట్లాడక్కర్లేదు, నేనేమీ అనుకోను.

పదో తరగతి స్పెషల్ క్లాసుల్లో మీ లెక్కల పీరియడ్ వెంటనే నా సైన్స్ ఉంది. ఇబ్బందిగా ఉంటే చెప్పండి, టైంటేబుల్ మార్చమని హెడ్మాస్టరు గారిని నేనే అడుగుతాను. కారణం చెప్పను.

మాధవి