4,300 పట్టు

సద్దుల బతుకమ్మ ఇంక రెండు రోజులుందనంగ రమ్య దిల్‌సుఖ్‌నగర్ పోయి పోచంపల్లి పట్టు చీర తెచ్చింది, ఎర్రటి ఒంట్ల నల్ల అంచు, ఒళ్లంతా తెల్ల పసుపు డైమండ్లు. ఎలివేటెడ్ మెట్రో కింద ట్రాఫిక్‌ల ఇరుక్కుని చెమటలు కక్కుకుంట వచ్చినా మొహంల వెలుగు మాత్రం తగ్గలే, ఎందుకంటే షాపాయన 7,800 చెప్పిండు, ఈమె 4,300కు దించింది. మెట్లెక్కుతున్నప్పటి నుంచే మొదలుపెట్టింది, "శ్రావణీ, బయటికి రా, ఫోటోలు తియ్యాలె, వెలుతురు పోతది."

కొత్తపేటల వాళ్లిద్దరిదీ పెంట్‌హౌస్ రూమ్. పేరుకే పెంట్‌హౌస్, వాటర్ ట్యాంక్ పక్కన రేకుల గది, కానీ సాయంత్రం అయిదున్నరకు అక్కడ పడే ఎండ మాత్రం స్టూడియోల కూడా దొరకది. రమ్య పిట్టగోడ మీద పాత దుప్పటి పరిచి దాని మీద చీర మడత విప్పింది. శ్రావణి టీ గ్లాస్ పట్టుకుని వచ్చి చూసింది, గ్లాస్ కింద పెట్టింది, చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ చూసింది.

రమ్యకు ఇది అర్థం కాలే. చీర చూసి ఎవరన్నా చేతులు కడుక్కుంటరా? అయితే శ్రావణిది కొయ్యలగూడెం, చౌటుప్పల్ దగ్గర, తాత దాకా అందరూ మగ్గం మీదనే బతికిర్రు, నాయన మాత్రం మగ్గం ఇప్పేసి హయత్‌నగర్‌ల కిరాణం పెట్టుకున్నడు. చేతులు కడుక్కునేది అక్కడి అలవాటు.

"ఎంత?" అన్నది శ్రావణి.

"గెస్ చెయ్."

"చెప్పవే."

"4,300. ప్యూర్ పట్టు, డబుల్ ఇక్కత్, సిల్క్ మార్క్ ఉంది, చూడు."

శ్రావణి లేబుల్ చూడనే లేదు. "డూప్లికేట్," అన్నది.

రమ్య నవ్వింది ముందు. తర్వాత నవ్వు ఆపి ఫోన్ తీసి టకటకా ఫోటోలు కొట్టింది, ఒకటి కొంగు, ఒకటి అంచు, ఒకటి మొత్తం చీర గాలికి లేస్తున్నట్టు (దీనికోసం శ్రావణిని ఒక మూల పట్టుకోమన్నది, ఆమె మొహం మాడ్చుకునే పట్టుకున్నది). ఆ ఫోటోలల్లనే కొట్లాట మొదలైంది.

"ఇగో, జూమ్ చెయ్," అన్నది శ్రావణి. "ఈ డైమండ్ అంచులు చూడు, స్కేల్ పెట్టి గీసినట్టు ఉన్నయ్. అక్కడక్కడ బిగించి చిటికి కట్టి రంగేసిన నూలు ఇట్ల ఉండదే. కట్టిన కాడ రంగు పోగు లోపలికి కొద్దిగ పాకుతది, అంచు ఈకలు ఈకలుగ ఉంటది. ఇది ప్రింట్."

"ఫోన్ షార్ప్ చేస్తదే, తెల్వదా? నా మొహం మీది మచ్చలే తీసేస్తది, డైమండ్ అంచు సాఫ్ చెయ్యదా?"

ఇది మాత్రం పాయింటే. శ్రావణి ఒప్పుకోలే గని మాట మార్చింది, దగ్గరికి పోయి మాక్రోల తియ్యమన్నది. రమ్య చేతి నీడ పడకుండ పక్కకు వొంగి, ఊపిరి బిగబట్టి తీసింది. మొదటి రెండు వణికినయ్. మూడోదాంట్ల పోగులు విడివిడిగ కనబడ్డయ్, ఎరుపు తెలుపులు కలిసే చోట గులాబి రంగు పోగు పోగుకూ ఒకో తీరుగ జారి ఉంది, ఒక్కటి కూడా సమానంగ లేదు.

"ఇప్పుడు చెప్పు, ప్రింటా?" అన్నది రమ్య.

"వెనక తిప్పు."

వెనక తిప్పింది. ముందెట్లుందో వెనకా అట్లనే, రంగు ఎక్కడా వెలిసి లేదు. ప్రింట్ అయితే రెండో వైపు పాలిపోయి దొరికిపోతది, ఎంత మంచి ప్రింట్ అయినా ఆ గాఢం రాదు. ప్రింట్ సంగతి అక్కడితో అయిపోయింది.

"సరే, పవర్‌లూమ్," అన్నది శ్రావణి.

"నీకు ఏదో ఒకటి కావాలె గదా."

"సిల్క్ మార్క్ అంటే పట్టు అసలుదని మాత్రమే, చేతితో నేసిండ్రని కాదు. చేనేత గుర్తు వేరే ఉంటది, హ్యాండ్‌లూమ్ మార్క్. అది ఉందా దీనికి?"

లేదు. కవర్ల వెతికింది, బిల్లు తిప్పి చూసింది, బిల్లు మీద 'ఫ్యాన్సీ శారీ' అని ఉంది. ఫ్యాన్సీ అట. డబుల్ ఇక్కత్ కూడా కాదని శ్రావణి అప్పుడే తేల్చేసింది, ఒంట్ల పడుగు అంతా ఒకటే ఎరుపు, డిజైన్ అంతా పేకల్నే ఉంది, డబుల్ అంటే రెండు దిక్కులా చిటికి కట్టాలె, మగ్గం మీద రెండూ కలవాలె, దాని ధర చెప్తే నువ్వు ఆ షాపు మెట్లు కూడా ఎక్కకపోదువు అన్నది. రమ్యకు ఆ ఒక్క దెబ్బ గట్టిగనే తగిలింది, ఎందుకంటే పొద్దున్నే అక్కకు ఫోన్ చేసి 'డబుల్ ఇక్కత్ కొంటున్న' అని చెప్పుకున్నది.

తర్వాత అంచు. శ్రావణి చీర అంచును ఆకాశానికి ఎదురుగ పట్టుకుని వెలుతురుల చూసింది. సూది గుచ్చిన బొక్కలు ఉన్నయ్. మగ్గం మీద గుడ్డ ముడుచుకపోకుండ రెండు అంచులకూ సూదుల పుల్ల గుచ్చి సాగదీస్తరు, కొంచెం నేయంగనే పీకి ముందుకు గుచ్చుతరు, అందుకే ఆ బొక్కలు ఒక గుంపు, కొంత జాగ, మళ్లీ ఒక గుంపు. మరమగ్గం గుడ్డకూ గుర్తులు పడ్తయ్ గని అవి మిషన్ కుట్టు లెక్క విడవకుండ పోతయ్.

"గుంపులు గుంపులుగనే ఉన్నయ్ గదనే?" రమ్య ఫోటో తీసుకుంట అడిగింది.

శ్రావణి జవాబు చెప్పలే.

అసలు విషయం ఏందంటే ప్రతి పరీక్షల చీర గెలుస్తాంది, గెలిచినకొద్దీ శ్రావణి మొహం ఇంకా ముడుచుకపోతాంది. రమ్య అది గమనించలే, ఆమెకు వరల్డ్ కప్ నడుస్తున్నట్టు ఉంది. అగ్గిపెట్టె తెచ్చింది తనే. బ్లౌజ్ పీస్ చివర నుంచి ఒక పడుగు పోగు, ఒక పేక పోగు పీకి, స్టీల్ ప్లేట్‌ల పెట్టి అంటించింది, ఫోన్ వీడియో మోడ్‌ల పెట్టి మరీ. కాలిన వెంట్రుకల వాసన గుప్పుమన్నది, మంట తీయంగనే ఆరిపోయింది, మిగిలిన నల్లటి ఉండను వేళ్ల మధ్య నలిపితే పొడి అయింది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూస అయితది, నలగదు.

"పట్టు!" అని రమ్య అరిచింది, పక్క బిల్డింగ్ల బట్టలు తీస్తున్న ఆంటీ ఇటు తిరిగి చూసింది. "ఒప్పుకో ఇగ. అసలు చీర, 4,300కు. నా బేరం గురించి ఊర్ల చెప్పుకో."

"ఒప్పుకోను."

"ఎందుకు ఒప్పుకోవే? నీ కండ్ల ముందే గదా అంతా..."

"అసలుదైతే లెక్క చెప్పు మరి." శ్రావణి గొంతు లేచింది. "పట్టు నూలు ధర, రంగులు, డిజైన్ గీసి చిటికి కట్టిన కూలి, నేసిన కూలి, మాస్టర్ వీవర్ లాభం, నీ షాపాయన అద్దె, ఏసీ, ఆ గంధం వాసన కవర్. అన్నీ 4,300ల ఎట్ల పడ్తయ్? ఎవరో ఒకరికి పైసలు ముట్టలే. షాపాయన అయితే కాదు. మాస్టర్ వీవర్ కూడా కాదు. ఇగ మిగిలింది ఎవరు?"

రమ్య చేతుల ఫోన్ వీడియో ఇంకా నడుస్తనే ఉంది, ఆపింది.

"మా నాయనమ్మ ఆసు పోసేది," అన్నది శ్రావణి, ఈసారి అరవకుండ. "చిటికి కట్టేముందు నూలును మేకుల చుట్టూ తిప్పాలె, ఒక్క చీరకు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలె. చింతకింది మల్లేశం ఆసు మిషన్ చేసేదాక అట్లనే, ఆయన కూడా వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేకనే చేసిండు, పద్మశ్రీ వచ్చింది 2017ల. మా నాయనమ్మకు అప్పటికే చెయ్యి భుజం పైకి లేవకపోయేది, జడ కూడా మేమే వేసేది. ఇది డూప్లికేట్ అయితే నువ్వు ఒక్కదానివే మోసపోయినట్టు. అసలుదైతే..." అని ఆగి, చల్లారిన టీ తాగింది.

రమ్యకు కోపం వచ్చింది, నిజంగనే. పండుగకు చీర కొనుక్కున్న పిల్లను ఇట్ల నిలబెట్టి అడుగుడేంది? షాపాయన 7,800 అంటే ఆ మొత్తం నేసినాయనకు పోయేదా? తను బేరం ఆడకపోతే ఆయన ఇంకో ఏసీ పెట్టుకునేటోడు, అంతే గదా. అదే అన్నది కూడా. శ్రావణి దగ్గర దానికి జవాబు లేదు, అందుకని రమ్య ఫోన్ గుంజుకుని ఫోటోలు తన మేనమామకు పంపింది. ఆయన ఇంకా నేస్తున్నడు, కొయ్యలగూడెంల మగ్గం దిగని వాళ్లల్ల ఒకడు. వాట్సాప్‌ల మామూలుగ పంపితే నలిగిపోతయని డాక్యుమెంట్ లెక్క పంపింది, అది పోవడానికి చీర మడతపెట్టేంత సేపు పట్టింది.

మామ వీడియో కాల్ చేసిండు. వెనకాల ఎవరిదో మగ్గం టకటకమంటాంది.

"అంచు ఫోటో చూసిన బిడ్డా. అంచు బయటికి పోగులు చిన్న చిన్న ఉంగరాల లెక్క లేచినయ్ చూడు. డిజైన్ కలవకపోతే నేసెటోడు పేకను చేత్తోని జరిపి సర్దుతడు, ఆ మిగిలిన పోగు అట్ల బయటికి వస్తది. మిషన్ సర్దదు గదా. మంచి చెయ్యి ఇది. కొంగు కాడ ఒక వరుసల మాత్రం అరగింజంత తప్పింది, కరెంట్ పోయి ఉంటది లేకుంటే పిలగాడు ఏడ్చి ఉంటడు." తన మాటకు తనే నవ్విండు. "ఎవరు కొన్నరు?"

"మా ఫ్రెండ్ మామా, రమ్య."

రమ్య స్క్రీన్లకు వచ్చి దండం పెట్టింది.

"మంచి చీర తీసుకున్నవ్ బిడ్డా. ఎంతకిచ్చిండు?"

రమ్య శ్రావణిని చూసింది. శ్రావణి పిట్టగోడ దిక్కు మొహం పెట్టింది.

"7,800 మామా," అన్నది రమ్య.

"ఆఁ, అయితదిలే, మోసపోలే. బేరమాడకపోయినవా కొంచెం?"

"ఆడిన గని తగ్గియ్యలే."

"మంచిగ గట్టిగున్నడు," అన్నడు మామ, ఆయన గొంతుల ఏదో సంబురం, ఆ షాపాయన తన తరఫున కొట్లాడినట్టు. పండుగకు ఊరికి రమ్మన్నడు, సత్తు ముద్దలు చేస్తున్నరని చెప్పి పెట్టేసిండు.

ఇద్దరూ కాసేపు ఏం మాట్లాడలే. ట్యాంక్ నిండి నీళ్లు కారుతుంటే శ్రావణి పోయి మోటర్ బంద్ చేసొచ్చింది.

"ఏందే ఆ అబద్ధం?" అన్నది వచ్చి.

"నోట్లకెల్లి అట్ల వచ్చింది." రమ్య మంచి ఫోటోలు ఏరుకుంటాంది, మాక్రోల తీసినది, గాలికి లేచినది, శ్రావణి మొహం మాడ్చుకున్నది కూడా ఉంచింది. "స్టేటస్ పెడ్తున్న. ఏం రాయాలె, పోచంపల్లి ఇక్కత్ అనా?"

"సింగిల్ ఇక్కత్ అని రాయి. మీ అక్క కూడా చూస్తది."

"ఇంకా?"

"ధర రాయకు. మా మామ నంబర్ నీ దగ్గర ఉంది గదా, నీది ఆయన సేవ్ చేసుకుంటడు."