గీతల కూడిక: రెండు యూనరీ సంఖ్యలను కలిపే ట్యూరింగ్ యంత్రం

పర్లాకిమిడి ఆదివారం తరగతి విద్యార్థులకు,

మొన్న కరెంటు పోవడంతో సగంలో ఆగిన లెక్కను పూర్తిగా రాసి ఇస్తున్నాను. మీలో చాలామంది ఇంట్లో తెలుగు అంకెలు, బడిలో ఒడియా అంకెలు చూస్తూ పెరిగినవారే. గీతకు ఆ తేడా లేదు. సంతలో ఒక్కో బుట్టకూ గోడమీద ఒక్కో సుద్దగీత గీసినట్టు, మూడంటే మూడు గీతలు. యూనరీ అంటే అదే.

మన యంత్రానికి గడులుగా విడిన ఒక టేపు, ఒక్కో గడిని చదివి రాసే ఒక తల, తాను ఏ దశలో ఉందో చెప్పే ఒక స్థితి ఉంటాయి. టేపు మీద గీతను `1` అని, రెండు సంఖ్యల మధ్య గుర్తును `0` అని, ఖాళీ గడిని `B` అని రాద్దాం. టేపు రెండు వైపులా ఎంతదూరమైనా ఉంటుంది. `2+3` అంటే `110111`. తల మొదటి గడి మీద, `q0` స్థితిలో మొదలవుతుంది.

మీలో ఇద్దరు `0`ను చెరిపి, రెండో సంఖ్యను ఒక్కో గడి చొప్పున ఎడమకు జరిపారు. తప్పు కాదు, కానీ అంత శ్రమ అక్కర్లేదు. `0` స్థానంలోనూ ఒక గీత పెట్టేయండి. రెండు సంఖ్యలూ అతుక్కుంటాయి, మొత్తంలో ఒక గీత ఎక్కువవుతుంది. చివర ఒకటి చెరిపితే లెక్క సరి. గీతలు ఎన్ని ఉన్నాయో యంత్రం ఎక్కడా లెక్కపెట్టదు. తాను ఏ దశలో ఉందో మాత్రమే గుర్తుంచుకుంటుంది. 1936లో ట్యూరింగ్ ఊహించిన యంత్రంలో నన్ను కట్టిపడేసేది ఈ పొదుపే.

```
(q0,1) -> (q0,1,R)
(q0,0) -> (q1,1,R)
(q1,1) -> (q1,1,R)
(q1,B) -> (q2,B,L)
(q2,1) -> (qh,B,L)
```

ప్రతి నియమంలో బాణానికి ఎడమన ఇప్పటి స్థితి, చదివిన గుర్తు; కుడిన కొత్త స్థితి, ఆ గడిలో రాసే గుర్తు, తల కదిలే దిక్కు. `R` కుడికి, `L` ఎడమకు, `qh` ఆగే స్థితి. కింది వరుసల్లో స్థితి పేరుకు కుడిపక్కనే ఉన్న గడి మీద తల ఉందని చదవండి.

```
q0 110111
1 q0 10111
11 q0 0111
111 q1 111
1111 q1 11
11111 q1 1
111111 q1 B
11111 q2 1
1111 qh 1
```

మిగిలినవి ఐదు గీతలు. నాలుగో వరుస దగ్గర ఆగి చూడండి: `0` మాయమైంది, ఆ సంగతిని ఇక `q1` ఒక్కటే మోస్తోంది. ఏడో వరుసలో తల సంఖ్యను దాటి ఖాళీ గడిలోకి వెళ్లింది. గీతలు అయిపోయాయని తెలియడానికి అలా ఒక అడుగు దాటక తప్పదు. అందుకే వెనక్కి తిరగడానికి `q2` కావాలి. పరీక్షల్లో ఎక్కువమంది మరిచిపోయేది ఈ అడుగే.

అడుగులు మొత్తం ఎనిమిది. `m`, `n` ఏవైనా `m+n+3` పడతాయి. సున్నాకు గీతలుండవు కనుక `0+0` అంటే టేపు మీద ఒంటరి `0`. అది గీతగా మారి, మూడో అడుగులో చెరిగిపోతుంది. విడిగా నియమం అక్కర్లేదు.

వచ్చే ఆదివారానికి: ఆగేటప్పుడు తల ఎడమ చివరి గీత మీద ఉండాలి. ఒక్క స్థితి చేరిస్తే చాలు. `1+2`కు వరుసలన్నీ రాసి తీసుకురండి.