ఫీడింగ్ బాటిల్స్ మీద ఐఎస్ఐ మార్క్ లేదు, నకిలీవని అనుమానం, ఫోటోలు చూడండి

నమస్తే అండి,

మే 6న మీ దగ్గర 250 మి.లీ. పాల సీసాలు రెండు ఆర్డర్ పెట్టాను, 578 రూపాయలు ఫోన్‌లోనే కట్టేశాను, 9న మల్కాజిగిరిలో మా ఇంటికి వచ్చాయి. మా పాపకి నాలుగో నెల. నేను మళ్ళీ డ్యూటీకి వెళ్తున్నా కదా, పగలు మా అమ్మే డబ్బా పాలు పడుతుంది, అందుకే తీసుకున్నాం.

మొదటిసారి వేడినీళ్ళలో మరిగించగానే ప్లాస్టిక్ వాసన గుప్పుమంది, బయటికి తీసి తుడుస్తుంటే కొలత గీతల రంగు నా వేలికి అంటుకొచ్చింది. మా అక్క దగ్గర ఇదే కంపెనీ బాటిల్ మెడికల్ షాపులో కొన్నది ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి ఆరు ఫోటోలు తీశాను, జూమ్ చేసి చూడండి. అక్క వాళ్ళ డబ్బా మీద ఐఎస్ఐ మార్కు, దాని కింద సీఎం/ఎల్ లైసెన్స్ నంబరు, తయారుచేసిన నెల, కంపెనీ అడ్రస్, కస్టమర్ కేర్ నంబరు అన్నీ ఉన్నాయి. మీరు పంపినదాని మీద ఒక్కటీ లేదు, ఎమ్మార్పీ కూడా లేదు, కంపెనీ పేరులో ఒక అక్షరమే తేడాగా ఉంది. మీ పేజీలో పెట్టిన ఫోటోలో మాత్రం ఐఎస్ఐ మార్కు చక్కగా కనిపిస్తోంది, అది చూసే కదా నేను కొన్నది!

ఇంకోటి, నాకు అన్నిటికంటే భయమేసింది ఇదే. మందు పోసే 10 మి.లీ. సిరంజితో నీళ్ళు కొలిచి పోసి చూశా. 120 గీత దాకా రావడానికి పది సిరంజిలే పట్టాయి, అంటే 100. మా పాల డబ్బా మీద 30 మి.లీ.కి ఒక స్కూపు అని ఉంది, మా అమ్మ గీత చూసి నాలుగు స్కూపులు వేసింది, అంటే రెండు రోజులు పాపకి చిక్కటి పాలు పట్టాం. మోషన్ గట్టిపడింది, ఇప్పుడు పర్లేదు. దానికి బాటిలే కారణమని నేను అనట్లేదు, కానీ ఆ కొలత తప్పన్నది మాత్రం ఫోటోలోనే ఉంది.

1992 నాటి ఫీడింగ్ బాటిల్స్ చట్టం ప్రకారం ఐఎస్ఐ మార్కు లేకుండా ఇవి అమ్మనే కూడదండి. నాకు 578 వెనక్కి ఇవ్వండి, ఇవి ఎవరి దగ్గర కొన్నారో ఆ బిల్లు చూపించండి, ఈ స్టాక్ అమ్మడం ఈరోజే ఆపేసి ఇప్పటికే కొన్నవాళ్ళకి ఫోన్ చేసి వాడొద్దని చెప్పండి. డబ్బుల కంటే నాకు ఆ చివరిదే ముఖ్యం, ఇంకో ఇంట్లో ఇంకో పాప ఇదే సీసాతో తాగుతుంటుంది.

ఒక బాటిల్ తిరిగి పంపుతా, రెండోది డబ్బాతో సహా నా దగ్గరే ఉంచుకుంటా. మే 20 లోపు రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, బీఐఎస్ కేర్ యాప్‌లో కూడా ఇవే ఫోటోలతో కంప్లైంట్ పెడతాను.

ఇట్లు,
నాలుగు నెలల పాప తల్లి,
మల్కాజిగిరి, హైదరాబాద్