పెదనాన్న డిశ్చార్జ్ సమ్మరీ, తెలుగులో

పెద్దమ్మా,

ఆసుపత్రి వాళ్లిచ్చిన నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితాన్ని కింద తెలుగులో రాశాను. అంకెల్లో ఒక్కటి కూడా మార్చలేదు. డాక్టర్ల మాట ఎలా ఉందో అలాగే రాసి, నేను వివరంగా చెప్పాల్సిన చోట "నా మాట" అని వేరుగా పెట్టాను. అది డాక్టర్ చెప్పింది కాదని గుర్తుంచుకో. తారీఖుల్లో నెలను పేరుతో రాసి పక్కన వారం కూడా పెట్టాను. అసలు కాగితంలో ఎకో అనే గుండె స్కాన్ తారీఖు 06/02/2026 అని ఉంది. నెల ముందు రాసే దేశంలో ఉన్న అన్నయ్య దాన్ని జూన్ 2 అనుకున్నాడు. అది ఫిబ్రవరి 6.

పేషెంటు వివరాలు

వయసు 63, పురుషుడు. కార్డియాలజీ విభాగం. చేరింది 3 నవంబరు 2025, సోమవారం. డిశ్చార్జ్ 7 నవంబరు 2025, శుక్రవారం, సాయంత్రం 4 గంటలకు. మందుల అలర్జీ లేదు.

జబ్బు ఏమిటి

గుండెపోటు. గుండె ముందు గోడకు రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళం మూసుకుపోయింది. స్టెంట్ వేశారు. గుండె పంపింగ్ కొంత తగ్గింది. షుగర్, బీపీ ముందు నుంచే ఉన్నాయి. యాంజియోగ్రామ్‌కి ఇచ్చిన మందు తర్వాత కిడ్నీల పని కొద్దిగా తగ్గింది, ఇప్పుడు మెరుగవుతోంది.

ఆసుపత్రిలో ఏం జరిగింది

4 గంటలుగా ఛాతీ నొప్పి, చెమటలతో వచ్చారు. ఈసీజీలో గుండెపోటు అని తేలింది. యాస్పిరిన్ 300 ఎంజీ, టికాగ్రెలార్ 180 ఎంజీ వెంటనే ఇచ్చారు. కుడి మణికట్టు దగ్గర నుంచి యాంజియోగ్రామ్ చేశారు. ఎల్ఏడీ అనే రక్తనాళం మొదట్లో 100 శాతం అడ్డు ఉంది. అక్కడ మందు పూసిన స్టెంట్ ఒకటి, 3.0 × 28 ఎంఎం, వేశారు. కుడివైపు రక్తనాళంలో 40 శాతం అడ్డు ఉంది, దానికి మందులు చాలు. రెండో రోజు ఊపిరితిత్తుల్లో కొద్దిగా నీరు చేరితే ఇంజెక్షన్‌తో తగ్గించారు.

ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 40 శాతం. కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ ఆసుపత్రిలో చేరినప్పుడు 1.1, 5 నవంబరున 1.6, డిశ్చార్జ్ రోజు 1.4. మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష 7.9 శాతం. ఇంటికి పంపే ముందు బీపీ 108/68, నాడి నిమిషానికి 72.

నా మాట: 40 శాతం అని రెండు చోట్ల ఉంది, రెండూ వేరు. ఒకటి రక్తనాళంలో అడ్డు, రెండోది ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె పంపింగ్. పంపింగ్ 40 అంటే గుండె నూటికి నలభై పాళ్లే పనిచేస్తోందని కాదు. గుండె ఒక్కో దెబ్బకు తనలో ఉన్న రక్తంలో ఎంత వంతు బయటికి నెడుతుందో చెప్పే లెక్క అది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా సుమారు 55 నుంచి 70 మధ్యే ఉంటుంది. తగ్గిన మాట నిజమే, కానీ అక్క ఫోన్లో అన్నట్టు "అరవై శాతం పోయింది" మాత్రం కాదు. మళ్లీ ఎంత కోలుకుందో ఫిబ్రవరి ఎకోలో చూస్తారు.

ఇంట్లో వేసుకోవాల్సిన మందులు

పాంటోప్రజోల్ 40 ఎంజీ: ఉదయం 1 మాత్ర, టిఫిన్‌కి అరగంట ముందు. 1 నెల.

టికాగ్రెలార్ 90 ఎంజీ: ఉదయం 8 గంటలకు 1, రాత్రి 8 గంటలకు 1. రోజుకు మొత్తం 2. కనీసం 12 నెలలు. కార్డియాలజిస్టు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపకూడదు. పంటి డాక్టర్ ఆపమన్నా ముందు ఇక్కడ అడగాలి.

యాస్పిరిన్ 75 ఎంజీ: మధ్యాహ్నం భోజనం తర్వాత 1. డాక్టర్ ఆపమనేదాకా.

మెటోప్రొలాల్ సక్సినేట్ 25 ఎంజీ: ఉదయం టిఫిన్‌తో 1. నమలకూడదు, పొడి చేయకూడదు. నాడి 55 కంటే తగ్గినా, పై బీపీ 95 కంటే తగ్గినా ఆ పూట వేయకుండా ఫోన్ చేయాలి.

ఫ్యూరోసెమైడ్ 20 ఎంజీ: ఉదయం 1. ఐదు రోజులే. 8 నవంబరు శనివారం మొదలు, 12 నవంబరు బుధవారం ఆఖరి మాత్ర.

లినాగ్లిప్టిన్ 5 ఎంజీ: ఉదయం 1. షుగర్ కోసం.

రామిప్రిల్ 2.5 ఎంజీ: రాత్రి 1.

అటోర్వాస్టాటిన్ 80 ఎంజీ: రాత్రి పడుకునే ముందు.

నైట్రోగ్లిజరిన్ 0.5 ఎంజీ: ఛాతీ నొప్పి వస్తేనే, కూర్చుని నాలుక కింద 1 పెట్టుకోవాలి. మింగకూడదు. 5 నిమిషాల్లో నొప్పి పూర్తిగా తగ్గకపోతే అంబులెన్స్ పిలవాలి. సిల్డెనాఫిల్ వంటి మందులతో కలిపి ఎప్పుడూ వాడకూడదు.

నా మాట, నాలుగు విషయాలు.

మెటోప్రొలాల్ దగ్గర నేను ఆగిపోయాను. రెండో పేజీలో వివరాలు రాసిన చోట 50 ఎంజీ అని, మూడో పేజీ మందుల పట్టికలో 25 ఎంజీ అని ఉంది. పట్టికే సరైనదిలే అనుకుని రాసేయలేదు. వార్డుకి తిరిగి వెళ్లి డ్యూటీ డాక్టర్‌కి చూపించాను. ఆవిడ కేస్ షీట్ తిరగేసి, మొదట 50 ఇచ్చామని, బీపీ 96కి పడిపోయినప్పటి నుంచి 25కి తగ్గించామని చెప్పారు. రెండో పేజీలో పెన్నుతో కొట్టేసి 25 అని రాసి సంతకం, తారీఖు వేశారు. అందుకే ఆ కొట్టివేత. ఎవరైనా అడిగితే మనం దిద్దింది కాదని చెప్పు.

అటోర్వాస్టాటిన్‌కి నేను మాత్రల లెక్క రాయలేదు, ఎంజీయే రాశాను. ఈసారి మందుల షాపులో 80 దొరక్క 40 ఎంజీ స్ట్రిప్‌లు ఇచ్చారు. కాబట్టి ఈ స్ట్రిప్‌లు ఉన్నన్నాళ్లు 2 మాత్రలు. తర్వాత 80 ఎంజీ స్ట్రిప్ వస్తే 1 మాత్రే. "రాత్రి రెండు" అని నోటికి పట్టేసుకుంటే అప్పుడు 160 అయిపోతుంది. కొత్త స్ట్రిప్ తెచ్చిన రోజు మీద అంకె చూడు.

ఫ్యూరోసెమైడ్ "5 రోజులు" అని మాత్రమే ఉంది, ఎప్పటి నుంచో లేదు. నర్సుని అడిగితే శుక్రవారం డోసు వార్డులోనే ఇచ్చేశామని, ఇంట్లో వేసేది శనివారం నుంచి లెక్కపెట్టాలని చెప్పింది. డ్యూటీ డాక్టర్ కూడా అదే అన్నారు. పై తారీఖులు అలా వచ్చినవి. స్ట్రిప్‌లో 10 మాత్రలున్నాయి, వాటిలో 5 మిగిలిపోవాలి. ఉన్నాయి కదా అని వేయొద్దు.

టికాగ్రెలార్ ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట టైముకి ఒక్కటే వేయాలి, రెండు కలిపి వేయకూడదు. ఇది మందు పెట్టెలో ఉన్న కాగితంలోది, డాక్టర్‌ని కూడా అడిగాను.

డిశ్చార్జ్ రోజు ఉదయం, మధ్యాహ్నం మందులు ఆసుపత్రిలోనే అయిపోయాయి. ఇంట్లో మొదటి డోసులు 7 నవంబరు రాత్రివి: టికాగ్రెలార్ 90, రామిప్రిల్ 2.5, అటోర్వాస్టాటిన్ 80.

ఆపిన పాత మందులు

మెట్‌ఫార్మిన్ 500 ఎంజీ: ప్రస్తుతానికి ఆపాలి. 14 నవంబరు రివ్యూలో క్రియాటినిన్ చూసి మళ్లీ మొదలుపెట్టేదీ లేనిదీ చెబుతారు.

ఆమ్లోడిపిన్ 5 ఎంజీ: పూర్తిగా ఆపేశారు.

అటోర్వాస్టాటిన్ 10 ఎంజీ: ఆపేశారు, దాని బదులే 80.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు వాడకూడదు.

నా మాట: మెట్‌ఫార్మిన్ దగ్గర అసలులో "హోల్డ్" అని, ఆమ్లోడిపిన్ దగ్గర "స్టాప్" అని ఉంది. రెంటికీ "ఆపాలి" అని రాస్తే తేడా పోతుంది కాబట్టి అలా విడదీశాను. మూడు రకాల పాత స్ట్రిప్‌లూ మందుల డబ్బాలోంచి తీసేసి వేరే కవర్లో పెట్టి, 14న తీసుకురా. మోకాళ్ల నొప్పికి పెదనాన్న వాడే మాత్ర కూడా డైక్లోఫెనాకే, స్ట్రిప్ చూశాను. అదీ ఆ కవర్లోకే. నొప్పికి బదులు ఏం వేయాలో రివ్యూలో అడుగుదాం.

జాగ్రత్తలు

ద్రవాలు అన్నీ కలిపి రోజుకు 1.5 లీటర్లు మించకూడదు. ఉప్పు తగ్గించాలి. ఉప్పుకు బదులుగా అమ్మే పొటాషియం ఉప్పు వాడకూడదు. రోజూ ఉదయం బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, తినకముందు బరువు చూసి రాయాలి. డిశ్చార్జ్ బరువు 71.4 కిలోలు. 3 రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే ఫోన్ చేయాలి.

కుడి చేత్తో 1 వారం పాటు 5 కిలోలకు మించి ఎత్తకూడదు. చదును నేల మీద 10 నిమిషాల నడక, రోజుకు 2 సార్లు. రివ్యూ దాకా బండి నడపకూడదు. పొగతాగడం పూర్తిగా మానాలి.

నా మాట: ద్రవాలంటే మంచినీళ్లే కాదు. కాఫీ, పాలు, మజ్జిగ, మందు వేసుకునేటప్పుడు తాగే గుక్కలు కూడా లెక్కే. ఒకటిన్నర లీటరు నీళ్లు పొద్దున్నే సీసాలో పోసి పెట్టు. ఏది తాగినా అంత నీళ్లు సీసాలోంచి తీసేస్తే సాయంత్రానికి ఎంత మిగిలిందో కంటికే తెలుస్తుంది.

వెంటనే ఆసుపత్రికి రావాల్సినవి

ఛాతీ నొప్పి, పడుకుంటే ఆయాసం, స్పృహ తప్పడం, నల్లటి విరేచనం లేదా రక్తపు వాంతి, మాట తడబడటం, కుడి మణికట్టు దగ్గర వాపు లేదా ఆగని రక్తం. మణికట్టు నుంచి రక్తం వస్తే అక్కడే వేలితో గట్టిగా నొక్కి పట్టుకుని బయల్దేరాలి.

నా మాట: టికాగ్రెలార్ వల్ల కొందరికి కొద్దిగా ఊపిరి ఆడనట్టు ఉంటుందని డాక్టర్ చెప్పారు. అది మందు వల్లా, గుండె వల్లా అని ఇంట్లో తేల్చుకునే ప్రయత్నం చేయొద్దు. మందు ఆపొద్దు, ఫోన్ చేయి.

మళ్లీ రావాల్సిన తారీఖులు

13 నవంబరు 2025, గురువారం ఉదయం: రక్తపరీక్ష, క్రియాటినిన్, పొటాషియం.

14 నవంబరు 2025, శుక్రవారం ఉదయం 10:30: కార్డియాలజీ ఓపీ. రక్తపరీక్ష రిపోర్టు, బరువు రాసిన కాగితం, మందులన్నీ తేవాలి.

19 డిసెంబరు 2025, శుక్రవారం: కొలెస్టరాల్, లివర్ పరీక్షలు. పరగడుపున.

6 ఫిబ్రవరి 2026, శుక్రవారం ఉదయం 11:00: ఎకో, తర్వాత ఓపీ.

నా మాట: "పరగడుపున" అన్నది డిసెంబరు పరీక్షకు మాత్రమే రాశారు. 13 నవంబరు పరీక్షకు అవసరం లేదని ల్యాబ్‌లో అడిగి కనుక్కున్నాను. కాబట్టి ఆ రోజు పెదనాన్న మామూలుగా టిఫిన్ చేసి, ఉదయం మందులన్నీ వేసుకునే రావచ్చు. ఫ్యూరోసెమైడ్ మాత్రం ఆ రోజు ఉండదు, అది ముందు రోజుతోనే అయిపోతుంది. ఓపీకి వచ్చేటప్పుడు ఇంగ్లీషు అసలు కాగితమే ఫైల్లో పెట్టు. ఇది డబ్బా మూతకి అంటించుకో.